నీ చెయ్యి పడింది ఎక్కడ?

తెలుగులో ‘చేశాం’ అన్న మాటకు మర్యాద ఎక్కువ, స్పష్టత తక్కువ. నలుగురు కలిసి చేసినా చేశాం అంటాం, నలుగురిలో ఒక్కరే కూర్చుని చేసినా చేశాం అంటాం, చివరికి అమీర్‌పేట నుంచి సీడీలో తెచ్చుకున్నా చేశామనే అంటాం. ఇంట్లోనూ స్నేహితుల మధ్యా ఈ మాటతో ఇబ్బందేమీ రాదు. డిగ్రీ అయిన కొత్తలో ఉద్యోగానికి రాసే మెయిల్‌లోకి వచ్చేసరికి మాత్రం ఇదే మాట అభ్యర్థిని కనబడకుండా చేస్తుంది. అనుభవం లేనివాళ్ళకు చూపించుకోవడానికి ఉండేది చివరి సంవత్సరం ప్రాజెక్టు, ఒకటో రెండో ఇంటర్న్‌షిప్‌లు. వాటిని కూడా ‘విజయవంతంగా పూర్తి చేశాం’ అనే వాక్యంలో కప్పేస్తే, చదివేవారికి మిగిలేది ఒక శీర్షిక, ఒక కాలేజీ పేరు. ఆ శీర్షికతోనే వేరే కాలేజీల నుంచి ఇంకో ముప్పై మెయిళ్ళు వచ్చి ఉంటాయి. కాబట్టి మెయిల్‌లో ప్రాజెక్టు గురించి రాసే ఏడెనిమిది వాక్యాలు చెప్పాల్సింది ఒక్కటే: ఆ పనిలో మీ చెయ్యి సరిగ్గా ఎక్కడ పడింది? ఎంత మేరకు పడింది? పడినట్టు ఎలా తెలుస్తుంది? మిగతావన్నీ, అంటే కష్టపడే తత్వం, నేర్చుకోవాలనే తపన, సంస్థ అభివృద్ధికి కృషి వంటివన్నీ తీసేసినా మెయిల్‌కు నష్టం లేదు.

ఈ మాట ఎక్కడైనా వర్తించేదే. అయినా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి రాసేవాళ్ళకు ఇది మరీ అవసరం. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి విడివడిన ఈ మూడు జిల్లాల్లో చదువుకునే చోట్లున్నాయి. గద్వాలలో మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ పేరిట ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్ ఉంది, ఇటీవలి కాలంలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ కూడా వచ్చింది. లేనిదల్లా పెద్ద కంపెనీ ఆఫీసులు. అందుకని ఇక్కడి పిల్లలు ఇంటర్న్‌షిప్ అనగానే హైదరాబాద్ వైపో, ఆన్‌లైన్ వైపో చూస్తారు. అక్కడ దొరికే పెద్ద పేరున్న సర్టిఫికెట్‌ను మెయిల్‌లో ముందు పెట్టి, చుట్టూ ఉన్న పనిని వదిలేస్తారు. ఆ పని తక్కువదేమీ కాదు. నడిగడ్డలో సీడ్ పత్తి ఉంది, పల్లీ మార్కెట్ యార్డులున్నాయి, జూరాల దగ్గర జలవిద్యుత్ కేంద్రం ఉంది, ఎత్తిపోతల పంపుహౌస్‌లు ఉన్నాయి. గద్వాల చీర నేసే మగ్గం వెనక నూలు లెక్కలున్నాయి. వీటిలో దేన్ని పట్టుకుని ప్రాజెక్టు చేసినా, చదివేవారు ఇంతకుముందు చూడని విషయం మెయిల్‌లోకి వస్తుంది.

ఒక ఉదాహరణను చివరిదాకా చూద్దాం. మనిషి ఊహించినదే, పని మాత్రం నిజంగా జరిగే పని. గద్వాలలో బీఎస్సీ బీజెడ్‌సీ పూర్తిచేసిన ఒక అమ్మాయి, ఒక విత్తన కంపెనీ నాణ్యతా ల్యాబ్‌లో అసిస్టెంట్ ఉద్యోగానికి మెయిల్ పంపాలనుకుంది. చివరి సెమిస్టర్‌లో నలుగురు కలిసి ‘వేరుశనగ విత్తనాల మొలకశాతంపై అధ్యయనం’ అనే ప్రాజెక్టు చేశారు. మొదట ఆమె రాసిన మెయిల్‌ను తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: ‘నేను ఫ్రెషర్‌ని. కష్టపడి పనిచేసే స్వభావం నాది. విత్తనాల మొలకశాతంపై ప్రాజెక్టును విజయవంతంగా పూర్తి చేశాను. దీని ద్వారా టీమ్‌వర్క్, ల్యాబ్ నైపుణ్యాలు నేర్చుకున్నాను. అవకాశం ఇస్తే నిరూపించుకుంటాను.’ ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ‘విత్తనాల మొలకశాతం’ తీసేసి ‘నేలలో తేమశాతం’ అని పెడితే మిగతా వాక్యాలు చెక్కుచెదరవు. ఏ ప్రాజెక్టుకైనా అతికే వాక్యం ఏ ప్రాజెక్టు గురించీ చెప్పదు. మెయిల్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఇంతకంటే సులువైన పరీక్ష నాకు తెలియదు: శీర్షిక మార్చి చదవండి, వాక్యం ఇంకా నిలబడితే ఆ వాక్యాన్ని కొట్టేయండి.

ఇప్పుడు ఆమె నిజంగా చేసిందేమిటో చూద్దాం. రైతుల ఇళ్ళ నుంచి, తర్వాతి పంటకు విత్తనంగా దాచుకున్న పల్లీలు 6 నమూనాలు తెచ్చారు. విత్తన పరీక్ష పద్ధతి ప్రకారం నమూనాకు 400 గింజలు పెట్టాలి. పల్లీ గింజ పెద్దది కాబట్టి తడిపిన పేపర్ టవల్‌లో పాతికేసి చొప్పున పేర్చి, చుట్టి, 16 చుట్టలు నిలబెట్టారు. 5వ రోజున మొదటి లెక్క, 10వ రోజున చివరి లెక్క. లెక్క అంటే మొలిచిందా లేదా అని చూడడం కాదు. వేరు, కాండం సరిగా వచ్చిన సాధారణ మొలకలెన్ని, వంకరపోయిన అసాధారణ మొలకలెన్ని, కుళ్ళిన గింజలెన్ని అని విడివిడిగా రాయాలి. శాతంలోకి ఎక్కేవి సాధారణ మొలకలు మాత్రమే. ఆరింటిలో రెండు నమూనాల లెక్క ఆమె స్వయంగా తీసింది, ఆరింటి పట్టికా ఆమే తయారుచేసింది. ఒక నమూనాలో నూరేసి గింజల నాలుగు భాగాలకు వచ్చిన సాధారణ మొలకలు 84, 79, 81, 52. సగటు 74. సర్టిఫైడ్ వేరుశనగ విత్తనానికి ఉండాల్సిన కనీస మొలకశాతం 70, కాబట్టి పాసైనట్టే కనిపిస్తుంది. కానీ నాలుగో భాగం మిగతా మూడింటితో కలవడం లేదు. చుట్టలు విప్పి చూస్తే నాలుగో భాగంలోని టవళ్ళు చేతికి నీళ్ళు కారేంత తడిగా ఉన్నాయి, గింజల మీద మసి అంటినట్టు నల్ల బూజు. పల్లీకి మొదలుకుళ్ళు తెచ్చే ఆస్పర్‌జిల్లస్ నైజర్ ఇది, ఈ పంటకు పాత చుట్టమే. ఆమె సగటుతో సరిపెట్టుకోకుండా, టవల్ పిండి నీరు తగ్గించి, అదే నమూనాను మళ్ళీ పెట్టింది. ఈసారి 80, 83, 78, 82 వచ్చాయి.

ఈ కథంతా మొదటి మెయిల్‌లో లేదు. ప్రాజెక్టు రిపోర్టులో కూడా ఉండి ఉండదు, ఎందుకంటే మన రిపోర్టుల్లో రెండోసారి చేసిన పరీక్షను రాస్తే మొదటిది తప్పినట్టు తెలుస్తుందని తీసేస్తారు. నా ఉద్దేశంలో మెయిల్‌లోకి రావలసిన సరుకు సరిగ్గా అదే. మార్చిన పేరా ఇలా ఉంటుంది: ‘చివరి సెమిస్టర్ ప్రాజెక్టులో నలుగురం కలిసి, రైతులు దాచుకున్న 6 వేరుశనగ నమూనాలకు పేపర్ టవల్ పద్ధతిలో మొలక పరీక్ష చేశాం. నమూనాకు 400 గింజలు, 5వ, 10వ రోజుల్లో లెక్క. రెండు నమూనాల లెక్కా, మొత్తం పట్టికా నేను చేశాను. ఒక నమూనాలో సగటు 74 శాతం వచ్చినా నాలుగు భాగాల మధ్య తేడా 32 ఉంది. తేమ ఎక్కువై బూజు పట్టిందని గుర్తించి మళ్ళీ పరీక్షిస్తే 81 శాతం వచ్చింది. మాకు ఇంక్యుబేటర్ లేదు. గదిలో 31 నుంచి 34 డిగ్రీలు ఉండింది కాబట్టి ఈ అంకెలను ప్రామాణిక ల్యాబ్ ఫలితాలుగా చెప్పడం లేదు. లెక్కల పట్టిక ఈ లింకులో ఉంది.’ ఏడెనిమిది వాక్యాలు. ఉద్యోగానికి వెళ్ళాక ఆమె రోజూ చేయాల్సిన పని కూడా ఇదే కాబట్టి, చదివే ల్యాబ్ ఇంచార్జికి ఇది ఫ్రెషర్ మెయిల్‌లా అనిపించదు.

ఇందులో ప్రతి వాక్యానికీ ఒక పని ఉంది. ‘నలుగురం చేశాం’ అన్నది జట్టు గురించి చెబుతుంది, ‘నేను చేశాను’ అన్నది ఆ జట్టులో ఆమె వాటాను విడదీస్తుంది. 6, 400, 5, 10 అన్న అంకెలు పని ఎంతదో చెప్పడమే కాకుండా పద్ధతి తెలుసని కూడా చెప్పకనే చెబుతాయి. విత్తన పరీక్ష తెలిసినవాళ్ళు 400 చూడగానే తలూపుతారు. ఒకవేళ గింజలు చాలక 200 తోనే సరిపెట్టి ఉంటే 200 అనే రాయాలి, సగం ఎందుకు తగ్గిందో ఒక్క ముక్కలో చెప్పాలి. ఇక 32 తేడా దగ్గర ఆగడం అన్నింటికంటే విలువైనది. సగటు పాసైనా లెక్క నమ్మకూడదని పసిగట్టడం అనుభవం ఉన్నవారి లక్షణం, అది ఒక్క ప్రాజెక్టులోనైనా కనిపించిందంటే చాలు. ఇక్కడే ఒక ప్రమాదం కూడా ఉంది. గద్వాల చుట్టుపక్కల విత్తనం మాట వస్తే అందరి నోటా ఆడేది జీఓటీ. సీడ్ పత్తి రైతులకు ‘జీఓటీ ఫెయిల్’ అన్న మాట పీడకల లాంటిది. ఆ మాట బరువుగా వినిపిస్తుందని మొలక పరీక్ష చేసిన అమ్మాయి మెయిల్‌లో ‘జీఓటీ చేశాను’ అని రాస్తే పని అయిపోయినట్టే. జీఓటీ జన్యు స్వచ్ఛత చూసే పరీక్ష, గింజల్ని పొలంలో పెంచి వేరే రకం మొక్కలెన్ని ఉన్నాయో లెక్కిస్తారు. మొలకశాతంతో దానికి సంబంధం లేదు. పెద్ద మాట అరువు తెచ్చుకున్న చోటే దొరికిపోతారు.

లోపాన్ని మనమే చెప్పుకుంటే పక్కన పెట్టేయరా అని చాలామందికి అనుమానం. ఇంక్యుబేటర్ లేదని రాయడం, పరీక్ష మళ్ళీ చేశామని రాయడం ఎందుకు, ఫలితం మాత్రం రాస్తే సరిపోదా అంటారు. అనుమానంలో కొంత న్యాయం ఉంది. లోపాల జాబితా రాసిన మెయిల్ నిజంగానే నీరసంగా ఉంటుంది. ఇక్కడ తేడా ఏమిటంటే, ఆమె చెప్పింది పనిలోని పరిమితి, తనలోని లోపం కాదు. ‘నాకు ల్యాబ్ అనుభవం లేదు’ అనడం వేరు, ‘ఇంక్యుబేటర్ లేని గదిలో చేసిన లెక్క ఇది’ అనడం వేరు. మొదటిది సంజాయిషీ, రెండోది కొలత. పైగా డిగ్రీ కాలేజీ ల్యాబ్‌లో ఏముంటుందో, గద్వాలలో మార్చి నెల ఎండ ఎలా ఉంటుందో చదివేవారికి తెలియనిదేమీ కాదు. చెప్పకుండా దాచినా వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే. అడిగాక చెప్పడం కన్నా ముందే చెప్పడం మేలు, అయితే ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోవాలి.

దీనికన్నా గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: అసలు చెయ్యే పడకపోతే? ప్రాజెక్టు కొనుక్కున్నవాళ్ళ సంగతేమిటి? ఈ సంగతి గుసగుసగా చెప్పుకోవలసినంత రహస్యమేమీ కాదు. నాలుగో సంవత్సరంలో టైటిల్, కోడ్, రిపోర్టు, పీపీటీ కలిపి ఒక ధరకు ఇచ్చే సెంటర్లు హైదరాబాద్‌లో ఉన్నాయి, జిల్లాల నుంచి బస్సెక్కి వెళ్ళి తెచ్చుకునేవాళ్ళూ ఉన్నారు. అలా తెచ్చిన ‘పంట ధరల అంచనా’ ప్రాజెక్టును మెయిల్‌లో సొంతమని రాయడం తప్పే. తప్పు కాకపోయినా పనికిరాదు, రెండో ప్రశ్నకే బయటపడుతుంది. దానికి మందు ఏమీ రాయకుండా ఊరుకోవడం కాదు. ఓ పది రోజులు కూర్చుని అందులో ఒక ముక్కను సొంతం చేసుకోవాలి. ఆ సెంటర్ ఇచ్చిన డేటాను తీసి పక్కన పెట్టి, కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్ సైట్‌లో గద్వాల, వనపర్తి యార్డుల పల్లీ ధరలు దించుకోవచ్చు. రోజువారీగా కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు అమ్ముడైన మోడల్ ధర, క్వింటాళ్ళ లెక్కన ఉంటాయి. వాటిని ఆ కోడ్‌లోకి ఎక్కించడానికి ప్రయత్నిస్తే మొదటి గంటలోనే ఏదో ఒకటి విరుగుతుంది. అసలు పని మొదలయ్యేది అక్కడే.

ఉదాహరణకు తేదీలు. మనం రోజు, నెల, సంవత్సరం అని రాస్తాం. కంప్యూటర్ సెట్టింగ్ అమెరికా పద్ధతిలో ఉంటే ఎక్సెల్ నెలను ముందు చదువుతుంది. `03/04/2023` అంటే మనకు ఏప్రిల్ 3, దానికి మార్చి 4. `13/04/2023` వచ్చేసరికి పదమూడో నెల లేదు కాబట్టి దాన్ని తేదీగా తీసుకోకుండా మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. గళ్ళలో చూస్తే కొన్ని తేదీలు కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు అంటుకుని కనిపిస్తాయి. అదే గుర్తు. ఇది చూసుకోకుండా నెలవారీ సగటు తీస్తే ఏప్రిల్‌లో మొదటి పన్నెండు రోజుల ధరలు పన్నెండు నెలల్లోకి చెల్లాచెదురవుతాయి, యాసంగి పల్లీ యార్డుకు వచ్చే రోజులూ ఎవరూ పల్లీ తేని రోజులూ కలిసిపోతాయి. దీన్ని పట్టుకుని సరిచేసిన కుర్రవాడు మెయిల్‌లో ఇలా రాయవచ్చు: ‘ధరల అంచనా నమూనా కోడ్ నాది కాదు, బయట దొరికిన దాన్ని తీసుకున్నాను. గద్వాల, వనపర్తి యార్డుల రెండేళ్ళ పల్లీ ధరలను సేకరించి శుభ్రం చేయడం, తేదీల్లో పొరపాట్లు గుర్తించి సరిచేయడం, నెలవారీ పట్టిక తయారుచేయడం నా పని.’ అంచనా వేసే భాగం తనది కాదని ఒప్పుకున్నందుకు విలువ తగ్గదు. డేటా ఎంట్రీ, ఎంఐఎస్, జూనియర్ అనలిస్ట్ ఉద్యోగాల్లో మొదటి ఏడాదంతా చేయించేది ఈ శుభ్రం చేసే పనే. పది రోజులు కూడా పెట్టలేనివాళ్ళు ఆ ప్రాజెక్టును రెజ్యూమెలో శీర్షికగా ఉంచి, మెయిల్‌లో ఎత్తకపోవడం ఉత్తమం.

ఇంటర్న్‌షిప్ విషయంలో చిక్కు వేరు. ఇక్కడ చెయ్యి పడిందా లేదా అన్నది క్రియాపదంలో తేలిపోతుంది. చూశాను, నోట్ చేశాను, లెక్క కట్టాను, సాయం చేశాను, చేశాను: ఇవి ఐదు వేర్వేరు పనులు. ఈఈఈ డిప్లొమా చదివినవాడు జూరాల ప్రాజెక్టు జలవిద్యుత్ కేంద్రంలో రెండు వారాల శిక్షణకు వెళ్ళాడనుకుందాం. అక్కడ 39 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 234 మెగావాట్లు. శిక్షణకు వచ్చిన విద్యార్థి చేతికి ఆ యూనిట్లను ఎవరూ అప్పగించరు, విద్యుత్ రంగంలో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఆ సంగతి తెలుసు. అయినా మెయిళ్ళలో ‘టర్బైన్ల ఆపరేషన్, మెయింటెనెన్స్ చేశాను’ అని రాసేస్తారు. చదివినవారు మిగతా వాక్యాలను కూడా అదే లెక్కన కొట్టేస్తారు. దానికి బదులు ‘కంట్రోల్ రూమ్‌లో గంటగంటకూ లాగ్‌షీట్ రాయడం ఐదు రోజులు చూశాను, ఒక యూనిట్ రీడింగులు అనుమతితో నోట్ చేసుకుని ఉత్పత్తికీ నీటిమట్టానికీ సంబంధాన్ని గ్రాఫ్‌గా గీశాను’ అన్నాడనుకోండి. చూడడం చూడడంగానే ఉంది, గ్రాఫ్ మాత్రం అతనిది. ఇంటర్వ్యూలో ప్రశ్నలు ఆ గ్రాఫ్ వైపు తిరుగుతాయి, అది అతనికి బాగా తెలిసిన నేల.

కాలం కూడా ఇలాగే నిజంగా చెప్పాలి. ఆన్‌లైన్‌లో ‘ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్’ అని సర్టిఫికెట్ వస్తుంది, లోపల చూస్తే ఇరవై గంటల వీడియోలు, చివర ఒక క్విజ్ ఉంటాయి. అది కోర్సు. కోర్సు అని రాస్తే చిన్నతనం ఏమీ లేదు, ఏం నేర్చుకున్నారో ఒక్క ముక్క జోడిస్తే సరిపోతుంది. ఇంటర్న్‌షిప్ అనే పేరు పెట్టినందువల్ల మాత్రం పని అనుభవం కిందకు రాదు. ప్రభుత్వ పథకాలు కూడా ఈ తేడా పాటించాయి. 2024లో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదలైనప్పుడు, పన్నెండు నెలల్లో కనీసం సగం కాలం తరగతి గదిలో కాక అసలు పని జరిగే చోటే గడపాలన్నది నిబంధన. ఏఐసీటీఈ ఇంజినీరింగ్ ఇంటర్న్‌షిప్‌కు 600 నుంచి 700 గంటలు అని లెక్క చెప్పింది. మెయిల్‌లోనూ గంటలు లేదా రోజులు చెప్పడం మంచిది: ‘రోజుకు నాలుగు గంటల చొప్పున 24 రోజులు, స్వయంగా వెళ్ళి’ అంటే చదివేవారికి అనుమానానికి చోటుండదు. రైస్‌మిల్లులోనో, విత్తనాల దుకాణంలోనో, ఆడిటర్ ఆఫీసులోనో జీతం లేకుండా చేసిన రెండు నెలల పనిని చాలామంది ఇంటర్న్‌షిప్‌గా లెక్కించరు, సర్టిఫికెట్ లేదని. అక్కడ రోజుకు నలభై బిల్లులు ట్యాలీలో ఎక్కించి ఉంటే, సర్టిఫికెట్ ఉన్న ఎనిమిది వారాల వీడియోల కన్నా అదే ముందు రావాలి. యజమానిని అడిగి, ఆయన ఒప్పుకుంటే, ‘కావాలంటే వారి ఫోన్ నంబర్ ఇవ్వగలను’ అని రాయవచ్చు. నంబర్‌ను మాత్రం మొదటి మెయిల్‌లో పెట్టవద్దు. అలాగే ఆ బిల్లుల ఫొటోలు, ఖాతాదారుల పేర్లు రుజువుగా జతచేయవద్దు. ఒకరి లెక్కలు బయటికి పంపినవారు రేపు మన లెక్కలూ పంపుతారని ఏ మేనేజరైనా అనుకుంటాడు.

ఇంత చేసినా మెయిళ్ళు ఎవరు చదువుతారు, అంతా సాఫ్ట్‌వేరే వడపోస్తుంది కదా అనేవాళ్ళున్నారు. వేలమందిని ఒకేసారి తీసుకునే పెద్ద ఐటీ సంస్థలకు ఇది నిజం. అక్కడ పోర్టల్, ఆన్‌లైన్ పరీక్ష, మార్కుల కటాఫ్ నడుస్తాయి, మెయిల్‌కు చోటే లేదు. వాటి కోసం ఈ శ్రమ పడనక్కరలేదు. మెయిల్ అడిగే చోట్లు వేరు. ప్రకటన కింద ఒక అడ్రస్ ఇచ్చే విత్తన కంపెనీ, పంపుహౌస్‌ల నిర్వహణ చూసే కాంట్రాక్టర్, పది మంది ఉన్న సాఫ్ట్‌వేర్ సంస్థ, గ్రామాల్లో సర్వేలు చేసే స్వచ్ఛంద సంస్థ లాంటివి. ఇలాంటి చోట్ల మెయిల్ చివరికి ఒక మనిషి చేతికే వెళుతుంది. ఆ మనిషి చాలాసార్లు దాన్ని ఫోన్‌లోనే చూస్తాడు. ముందుగా కనిపించేవి సబ్జెక్ట్ లైన్, దాని కింద మొదటి వాక్యం ముక్క. అందుకని సబ్జెక్ట్‌లో ‘ఉద్యోగం కోసం దరఖాస్తు’ అనకుండా, ‘ల్యాబ్ అసిస్టెంట్ – బీఎస్సీ బీజెడ్‌సీ – వేరుశనగ మొలక పరీక్ష ప్రాజెక్టు’ అని ఉద్యోగం పేరు, చదువు, దగ్గరి పని మూడూ కలిపితే మెయిల్ తెరవకముందే సగం విషయం చేరుతుంది. మొదటి వాక్యం పరిచయంతో కాకుండా ఏ ఉద్యోగానికి రాస్తున్నారో, ఆ ప్రకటన ఎక్కడ చూశారో చెబితే చాలు. రెండో వాక్యం నుంచే ప్రాజెక్టు. మెయిల్ మొత్తం రెండు వందల మాటలు దాటకూడదు. మూడు ప్రాజెక్టులుంటే ఆ ఉద్యోగానికి దగ్గరైన ఒక్కటి ఇలా విప్పి రాసి, మిగతావి రెజ్యూమెకు వదిలేయాలి. రెజ్యూమెలో ఉన్నదే మళ్ళీ ఎందుకు అంటే, రెజ్యూమె అన్నిచోట్లకూ ఒకటే వెళుతుంది, మెయిల్ ఈ ఒక్క చోటుకే రాస్తున్నాం.

ఇంగ్లిషు గురించి ఒక్క మాట. మెయిల్ ఇంగ్లిషులోనే వెళ్ళాలి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళ భయమంతా అక్కడే. కానీ ‘నేను రెండు నమూనాలు లెక్కించాను’ అన్న వాక్యానికి కావలసిన ఇంగ్లిషు ఏడో తరగతిది. కష్టమైన ఇంగ్లిషు కావలసింది చెప్పడానికి ఏమీ లేనప్పుడు. ముందుగా తెలుగులో కాగితం మీద ఆ ఏడెనిమిది వాక్యాలు రాసుకుని, ఒక్కో వాక్యంలో ఒక్కో పనే ఉండేలా విడగొట్టుకుని, తర్వాత మార్చుకుంటే నెట్‌లో దొరికే నమూనా లేఖల అవసరం రాదు. చదువులో ఒక ఏడాది ముందున్నవారు ఎవరైనా వ్యాకరణం దిద్దితే మంచిదే, వాళ్ళు వాక్యాలను ‘బలంగా’ మార్చకుండా చూసుకోవాలి.

పంపేముందు ఒక చిన్న పని మిగులుతుంది, చాలా మెయిళ్ళు ఇక్కడే పాడవుతాయి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన పట్టికకు లింకు ఇస్తాం. డ్రైవ్ మామూలుగా ఫైలును యజమానికి మాత్రమే కనబడేలా ఉంచుతుంది, మన ఫోన్‌లో మన ఖాతాతో తెరుస్తాం కాబట్టి అంతా బాగానే కనిపిస్తుంది. అవతలివారికి మాత్రం అనుమతి కావాలన్న పేజీ వస్తుంది. వాళ్ళు అనుమతి అడిగి, మనం ఇచ్చేదాకా ఆగరు. అందుకని లింకును బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండోలో, మన ఖాతా లేకుండా తెరిచి చూడాలి. కోడ్ గిట్‌హబ్‌లో ఉంటే రిపాజిటరీ ప్రైవేట్‌గా ఉందేమో, `README` ఫైలులో ఏది తాను రాసింది ఏది తీసుకున్నది అని ఉందో లేదో చూసుకోవాలి. రెజ్యూమె పేరు `resume_final_new2.pdf` అని కాకుండా సొంత పేరుతో ఉండాలి. సర్టిఫికెట్లన్నీ ఫొటోలు తీసి పదకొండు ఫైళ్ళుగా జతచేయడం మానుకోవాలి, అడిగినప్పుడు ఒకే పీడీఎఫ్‌గా ఇస్తే సరిపోతుంది. ఇక మొలక పరీక్ష చేసిన ఆ అమ్మాయికి పిలుపు వస్తే, ‘నాలుగో భాగంలో 52 ఎందుకొచ్చింది, నీరు ఎక్కువైందని ఎలా చెప్పగలవు, బూజు గింజతోనే వచ్చిందేమో కదా’ అని అడుగుతారు. రెండో పరీక్షలో గింజ అదే, మారింది నీళ్ళే, అందులో నాలుగు భాగాలూ దగ్గరగా వచ్చాయని ఆమె చెప్పగలదు. అయినా టవల్, ట్రే కూడా మారి ఉండవచ్చు కదా అని వాళ్ళు ఇంకో మెట్టు దిగితే, అది తాను విడిగా చూడలేదని ఒప్పుకోవాల్సి వస్తుంది. రోజువారీ లెక్కలు రాసుకున్న ఆ నోట్‌బుక్‌ను, తడి మరకలతో సహా, ఆ రోజు సంచిలో పెట్టుకుని వెళ్ళాలి.